మన ఫోటోలు మన ఇంటి డిస్క్‌లో

గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1న ఉచిత అపరిమిత నిల్వను ఆపేసింది. అప్పటి నుంచి మన ఫోన్ల నుంచి ఎక్కే ఫోటోలు, జీమెయిల్, డ్రైవ్ అన్నీ కలిపి 15 జీబీలో సర్దుకోవాలి. చాలకపోతే నెలనెలా అద్దె కట్టాలి. అద్దె పెద్ద మొత్తమేమీ కాదు. ఖాతా ఏదో కారణంతో మూతపడితే పదిహేనేళ్ల పిల్లల ఫోటోలు కంటికి కనపడకుండా పోతాయన్నదే అసలు దిగులు. ఆ దిగులు ఉన్నవాళ్లకు, లైనక్స్‌తో కాస్త పరిచయం ఉన్నవాళ్లకు ఇప్పుడు మంచి దారి ఉంది. దాని పేరు ఇమ్మిచ్.

అలెక్స్ ట్రాన్ అనే ప్రోగ్రామర్ 2022లో దీన్ని మొదలుపెట్టాడు. 2025 అక్టోబరులో స్థిరమైన రెండో వెర్షన్ వచ్చింది. ఫోన్‌లో యాప్ వేసుకుంటే ఫోటోలు వాటంతట అవే ఇంట్లోని పెట్టెలోకి చేరతాయి. ముఖాలను గుర్తుపట్టడం, మ్యాప్ మీద చూపడం, ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే ఖాతా ఇవ్వడం, అన్నీ ఇందులో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని కోడ్ బహిరంగం.

నలుగురున్న ఒక ఇంటిని తీసుకుందాం. గూగుల్‌లో 400 జీబీ ఫోటోలు, వీడియోలు ఉన్నాయి. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ, 16 జీబీ ర్యామ్, లోపల ఒక ఎస్‌ఎస్‌డీ, బయట తగిలించిన 4 టీబీ హార్డ్ డిస్క్ ఉంటే ఈ ఇంటికి చాలు. మామూలుగా పది వాట్లకు అటూఇటూగా వాడుకుంటుంది కాబట్టి రాత్రీపగలూ నడిచినా నెలకు ఏడు యూనిట్ల కరెంటు అవుతుంది. మన ఊళ్లలో కరెంటు కోతలుంటాయి కనుక చిన్న యూపీఎస్ తప్పనిసరి. బయోస్‌లో కరెంటు రాగానే తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా పెట్టుకోవాలి.

ఇమ్మిచ్‌ను డాకర్‌తో నడుపుతారు. అందులో అసలు అర్థం చేసుకోవాల్సింది రెండు వరుసలే:

```
UPLOAD_LOCATION=/mnt/photos/library
DB_DATA_LOCATION=/srv/immich/postgres
```

మొదటిది ఫోటోలుండే చోటు. రెండోది డేటాబేస్ ఉండే చోటు. గ్రంథాలయంలో బీరువాల్లోని పుస్తకాలు వేరు, ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పే కార్డులు వేరు కదా, ఇదీ అంతే. ఆల్బమ్‌లు, ముఖాలకు మనం పెట్టిన పేర్లు, ఇష్టమైనవిగా గుర్తుపెట్టుకున్నవి డేటాబేస్‌లో ఉంటాయి. ఒరిజినల్ ఫోటోలు ఫైళ్లుగా డిస్క్ మీద ఉంటాయి. ఫోటోలు పెద్ద హార్డ్ డిస్క్‌లో ఉండొచ్చు. డేటాబేస్ మాత్రం లోపలి ఎస్‌ఎస్‌డీలోనే ఉండాలి. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెడితే పాడయ్యే ప్రమాదం ఉంది.

ఈ రెండూ రెండు డిస్కుల మీద ఉండటం వల్ల ఒక చిక్కు వస్తుంది. కరెంటు పోయి వచ్చాక మినీ పీసీ లేచింది, బయటి డిస్క్ మాత్రం సమయానికి అందలేదు అనుకోండి. అప్పుడు `/mnt/photos` ఖాళీ ఫోల్డర్‌గా మిగులుతుంది. డాకర్ దాన్నే ఫోటోల చోటు అనుకుంటుంది. దీన్ని పట్టుకోవడానికే ఇమ్మిచ్ తన ప్రతి ఫోల్డర్‌లో `.immich` అనే చిన్న ఫైలు ఉంచుతుంది. మొదలవగానే అది కనపడకపోతే సర్వర్ ముందుకు నడవదు. యాప్ కలవదు, కంటెయినర్ పదేపదే రీస్టార్ట్ అవుతుంది, `docker logs immich_server` చూస్తే ఆ ఫైలు చదవలేకపోయానని రాసి ఉంటుంది.

ఇక్కడ కొందరు తొందరపడి ఆ ఫైలును చేత్తో సృష్టించి సర్వర్‌ను నడిపించేస్తారు. అలా చేస్తే పాత ఫోటోలు తెరుచుకోవు, కొత్తవి ఎస్‌ఎస్‌డీలోని ఖాళీ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. తర్వాత డిస్క్ మౌంట్ అయినప్పుడు ఆ కొత్తవి దాని కింద మరుగునపడిపోతాయి. చేయాల్సింది ఇమ్మిచ్‌ను ఆపి, డిస్క్‌ను మౌంట్ చేసి, `findmnt /mnt/photos` అని కొట్టి నిజంగా వచ్చిందో లేదో చూసుకుని, ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టడం. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే సగం భయం పోతుంది.

పాత ఫోటోలను తెచ్చుకోవడానికి గూగుల్ టేక్‌అవుట్ ఉంది. 50 జీబీ జిప్ ఫైళ్లు ఎంచుకుంటే 400 జీబీకి ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. జిప్‌లను విప్పి ఫోటోలను నేరుగా ఇమ్మిచ్‌లోకి లాగి పడేస్తే తేదీలు గల్లంతవుతాయి. మన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే సగం ఫోటోలు వాట్సాప్‌లో వచ్చినవి, తీసిన తేదీని వాట్సాప్ ఫోటోలోంచి తొలగించేస్తుంది. తన దగ్గరున్న తేదీని గూగుల్ పక్కనే వేరే జేసన్ ఫైలులో రాసి ఇస్తుంది. రెండింటినీ జతపరిచి ఎక్కించే పనిముట్టు ఇమ్మిచ్-గో:

```
immich-go upload from-google-photos \
  --server=http://192.168.1.20:2283 \
  --api-key=KEY takeout-*.zip
```

జిప్‌లన్నీ ఒకేసారి ఇవ్వాలి. ఫోటో ఒక జిప్‌లో, దాని జేసన్ ఇంకో జిప్‌లో ఉండటం మామూలే. ఎక్కించాక టైమ్‌లైన్ చూడండి. వందల ఫోటోలు ఏదో ఒక్క రోజు కింద కుప్పగా కనపడితే జత కుదరలేదని అర్థం.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా పనికొచ్చే మాట ఒకటుంది. ఇమ్మిచ్‌లో మాటలతో ఫోటోలు వెతకవచ్చు. ముందుగా వచ్చే మోడల్‌కు ఇంగ్లిష్ తప్ప పెద్దగా రాదు. సెట్టింగుల్లో దాన్ని `nllb-clip-base-siglip__v1` లాంటి బహుభాషా మోడల్‌కు మార్చుకుంటే "వాకిట్లో ముగ్గు", "పెళ్లి మండపం" అని తెలుగులోనే వెతకవచ్చు. మార్చిన తర్వాత స్మార్ట్ సెర్చ్ పనిని ఫోటోలన్నిటి మీదా మళ్లీ నడపాలి. వేల ఫోటోలకు గంటల తరబడి పడుతుంది, ర్యామ్ కూడా ఎక్కువ తింటుంది. అయినా అమ్మానాన్నలు తమ భాషలో టైప్ చేసి తమ ఫోటో తెచ్చుకోగలగడం కోసం ఆ మాత్రం ఓపిక పట్టొచ్చు.

ఇంటి వైఫైలో అంతా బాగానే ఉంటుంది. బయటికెళ్లాక ఏమిటి? రౌటర్‌లో పోర్ట్ తెరిచి చూసినా చాలామందికి పనిచేయదు. రౌటర్ పేజీలో వాన్ చిరునామా 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, ఇంటర్నెట్ సంస్థ ఒకే పబ్లిక్ చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతోందని లెక్క. బయటి నుంచి మన ఇంటి తలుపు తట్టే దారే అక్కడ లేదు. నిజానికి తలుపు తెరవకపోవడమే మేలు. వైర్‌గార్డ్ మీద నడిచే టెయిల్‌స్కేల్‌ను మినీ పీసీలోనూ ఫోన్లలోనూ వేస్తే అవి ఒకదాన్నొకటి వెతుక్కుని గుప్తంగా మాట్లాడుకుంటాయి. టెయిల్‌స్కేల్ ఇచ్చే చిరునామాలు కూడా ఇదే 100 వరుసలో ఉంటాయి, రెండింటినీ కలగలుపుకోకండి. పరికరాలను పరిచయం చేసే పని మాత్రం ఆ కంపెనీ సర్వరే చేస్తుంది. అదీ వద్దనుకుంటే హెడ్‌స్కేల్‌ను సొంతంగా నడుపుకోవచ్చు, కానీ దానికి బయట పబ్లిక్ చిరునామా ఉన్న యంత్రం ఒకటి కావాలి.

ఇదే పెట్టెలో సినిమాలకు, ఇంటి వీడియోలకు జెల్లీఫిన్ కూడా నడుస్తుంది. ఎంబీ తన కోడ్‌ను మూసేసినప్పుడు 2018 చివర్లో దాని నుంచి పుట్టింది ఇది. పాత పెళ్లి డీవీడీలను ఇందులో పెడితే టీవీకి ఎంపెగ్-2 అర్థం కాక సర్వర్ అప్పటికప్పుడు రూపం మార్చి పంపాల్సి వస్తుంది. ఎన్100లోని గ్రాఫిక్స్ ఈ పని తేలిగ్గా చేస్తుంది. `/dev/dri` ను కంటెయినర్‌కు ఇవ్వడం మరిచిపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ మోగుతుంది, పెద్ద ఫైళ్లయితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డ్‌లో ఏ వీడియో ఎందుకు మారుతోందో కారణంతో సహా కనపడుతుంది.

ఇక బ్యాకప్. డేటా మనదే అన్నాక అది పోతే అడగడానికి మనకు ఎవరూ ఉండరు. రెండు డిస్కులను అద్దంలా ఒకేలా ఉంచే రెయిడ్ బ్యాకప్ కాదు. ఒకదాంట్లో చెరిపేస్తే రెండోదాంట్లోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. ఇమ్మిచ్ రోజూ రాత్రి రెండు గంటలకు తన డేటాబేస్ నకలు ఒకటి `backups` ఫోల్డర్‌లో రాసి, చివరి 14 నకళ్లను ఉంచుతుంది. కానీ అది ఫోటోలున్న డిస్క్ మీదే. డిస్క్ పోతే రెండూ పోతాయి. కాబట్టి ఆ నకలు తయారయ్యాక, తెల్లవారుజామున మూడింటికి, మొత్తం ఫోల్డర్‌ను రెస్టిక్‌తో ఇంకో డిస్క్‌కు పంపాలి:

```
restic -r /mnt/backup/photos backup /mnt/photos/library
restic -r /mnt/backup/photos check --read-data-subset=5%
```

ఈ వరుస ముఖ్యం. డేటాబేస్ నకలు ముందు, ఫైళ్లు తర్వాత అయితే మధ్యలో వచ్చిన ఫోటో డేటాబేస్‌కు తెలియకపోయినా ఫైలుగా మిగిలి ఉంటుంది. తిరగేస్తే డేటాబేస్‌లో పేరుండి ఫైలే ఉండదు. రెండో ఆదేశం దాచినదాంట్లో ఐదు శాతాన్ని నిజంగా చదివి చూస్తుంది. వారానికోసారి చాలు. మూడో ప్రతి ఇంటి బయట ఉండాలి. ఊళ్లో అమ్మావాళ్లింట్లో ఒక పాత పీసీ, ఒక డిస్క్ పెట్టి టెయిల్‌స్కేల్ ద్వారా ఇదే రెస్టిక్‌తో పంపవచ్చు. మొదటి 400 జీబీని మాత్రం ఇంట్లోనే డిస్క్ మీదకు ఎక్కించి పండగకు వెళ్లినప్పుడు పట్టుకెళ్లండి. తర్వాత రోజూ వెళ్లేది కొంచెమే. రెస్టిక్ అంతా తాళం వేసి దాస్తుంది. పాస్‌వర్డ్ పోతే ఎవరూ తెరవలేరు, కనుక దాన్ని కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.

చివరగా ఒక పరీక్ష. వేరే పాత ల్యాప్‌టాప్ తీసుకుని, అదే వెర్షన్ ఇమ్మిచ్ వేసి, రెస్టిక్ నుంచి ఫోల్డర్ తిరిగి తెచ్చి, సర్వర్ మొదలుకాకముందే డేటాబేస్ నకలును ఎక్కించండి. తర్వాత మొత్తం ఫోటోల సంఖ్య కుదిరిందా, ఒక ఆల్బమ్ ఉందా, నాయనమ్మ ముఖానికి పెట్టిన పేరు ఉందా, పాత వీడియో ఒకటి ఆడుతోందా చూడండి. థంబ్‌నెయిల్స్‌ను బ్యాకప్‌లో వదిలేసి ఉంటే బూడిదరంగు గళ్లు కనపడతాయి. కంగారు పడకండి, వాటిని మళ్లీ తయారుచేసే పని సెట్టింగుల్లో ఉంది. ఈ పరీక్ష నెగ్గేదాకా మాత్రం గూగుల్‌లో ఉన్న ప్రతిని తీసేయకండి.