ఫార్వర్డ్ చేస్తే సరిపోయేలా

“అన్నా, మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉంటే చెప్పు. రెజ్యూమే పంపుతున్నా.” మాదాపూర్, గచ్చిబౌలి వైపు పనిచేసేవాళ్ల వాట్సాప్‌లో ఇలాంటి మెసేజ్‌లు జవాబు లేకుండా పడుంటాయి. దానికి పొగరే కారణమనుకోనక్కర్లేదు. అది చదివినవాడు సరిపోయే ఉద్యోగం వెతకాలి, ఆ టీమ్ మేనేజర్ ఎవరో కనుక్కోవాలి, ఏం రాయాలో ఆలోచించాలి. రాత్రికి చూద్దాంలే అనుకుంటాడు, అక్కడితో సరి.

ఆ పనంతా అడిగేవాళ్లే చేసి పెట్టాలి. ఒక టెస్టర్ అమ్మాయి సంగతే తీసుకుందాం. మూడేళ్లు తనకు లీడ్‌గా ఉన్నతను ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు. ఆమె ముందు ఆ కంపెనీ కెరీర్స్ పేజీలో ఒక్క ఉద్యోగం ఎంచుకుని జాబ్ ఐడీ రాసుకోవాలి. అప్లై మాత్రం నొక్కకూడదు. చాలాచోట్ల సొంతంగా అప్లై చేసినవాళ్ల పేరు సిస్టమ్‌లోకి ఎక్కిపోతుంది. ఆ తర్వాత రిఫర్ చేయబోతే పోర్టల్ ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకున్నా అతనికి రిఫరల్ బోనస్ పోవచ్చు. ఇప్పటికే అప్లై చేసుంటే ఆ మాట ముందే చెప్పేయాలి.

ఇక మెసేజ్:

“అన్నా, బాగున్నావా? మీ పేమెంట్స్ టీమ్‌కి సీనియర్ టెస్టర్ కావాలని చూశాను. జాబ్ ఐడీ కింద పెట్టాను, ఇంకా అప్లై చేయలేదు. నా పని నీకు తెలుసు కదా, ఆ మేనేజర్‌కి నా గురించి ఓ మాట చెప్పగలవా? పోర్టల్‌లో రిఫర్ చేసినా చాలు. అదీ కుదరదంటే ఏమనుకోను.”

ఇందులో రెండు వేర్వేరు సాయాలున్నాయి. పోర్టల్‌లో పెడితే రెజ్యూమే హెచ్‌ఆర్‌కు వెళ్తుంది. మేనేజర్‌కు నేరుగా చెప్పడమంటే అతను తన మాట పూచీ పెట్టడమే. ఎంతవరకు వెళ్లాలో అతన్నే తేల్చుకోనివ్వాలి.

అతను సరేనన్నాక, పీడీఎఫ్ రెజ్యూమేతో పాటు అతను రాసినట్టుండే నాలుగు వాక్యాలు పంపాలి:

“ఈమె నా టీమ్‌లో మూడేళ్లు టెస్టర్‌గా చేసింది. రెండు రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టింగ్‌ను ఆటోమేట్ చేసి ఒక్క రాత్రిలో అయ్యేలా చేసింది. రీఫండ్ రెండుసార్లు పడే బగ్‌ను రిలీజ్‌కు ముందే పట్టుకుంది. నోటీస్ పీరియడ్ 60 రోజులు.”

అతను కళ్లారా చూసినవే ఇందులో ఉండాలి. ఎందుకంటే, “ఆ బగ్ ఎలా పట్టుకుంది?” అని మేనేజర్ అడిగేది అతన్నే. ఆమె తర్వాత నేర్చుకున్నవి రెజ్యూమేలో ఉంటే చాలు. నోటీస్ పీరియడ్ ఎలాగూ అడుగుతారు కాబట్టి రాసేయడమే మేలు. జీతం సంగతి హెచ్‌ఆర్ చూసుకుంటారు, ఇక్కడ వద్దు.

కలిసి పనిచేయకుండా ఒకే ఫ్లోర్‌లో ముఖ పరిచయం మాత్రమే ఉంటే, మేనేజర్ మాట ఎత్తకుండా పోర్టల్ వరకే అడగాలి. తెలియని పనికి ఎవరు మాత్రం హామీ ఇస్తారు?

వారం తర్వాత ఒకసారి గుర్తుచేయొచ్చు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే, “నేనే అప్లై చేసుకుంటున్నా అన్నా” అని ఓ ముక్క రాసి, ఆ ఉద్యోగం పేజీలో ఉండగానే అప్లై చేసేయాలి.