నీళ్లు కాజ్‌వే ఎక్కకముందే

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది. దిగువన ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర ఆ మూడు మెట్లూ 11.75, 13.75, 17.75 అడుగులు. వానాకాలంలో కోనసీమ లంకల్లో పెద్దవాళ్లు టీవీ ముందు కూర్చుని ఎదురుచూసేది ఈ అంకెల కోసమే. ఏ అంకె చెబితే పశువుల్ని గట్టు మీదికి తోలాలో, ఏ అంకెకు ధాన్యం బస్తాలు అటక ఎక్కించాలో వాళ్లకు తెలుసు. మరి ఏ అంకెకు బడి పిల్లల్ని ఇంటికి పంపాలి? ఏ అంకె దాటాక పంపకూడదు? ఈ రెండో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసి పెట్టుకున్న బడే వరదకు సిద్ధంగా ఉన్న బడి.

బళ్లలో ఎక్కువగా జరిగే మాక్ డ్రిల్ అగ్నిప్రమాదానిది. గంట మోగుతుంది, పిల్లలు వరుసగా మైదానంలోకి వస్తారు, లెక్క చూసుకుంటారు, పని అయిపోతుంది. వరదకు ఆ అలవాటు పనికిరాదు. నిప్పు నుంచి బయటికి పరుగెత్తాలి, నీటి నుంచి పైకి ఎక్కాలి. నిప్పు నిమిషాల వ్యవహారం, గోదావరి వరద గంటల వ్యవహారం. పైన భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరేలోపు మనకు కొంత వ్యవధి ఉంటుంది. ప్రమాదం కూడా ఆ వ్యవధిలోనే ఉంది. ‘ఇంకాసేపు చూద్దాం’ అనుకుంటూ రెండు పీరియడ్లు గడిపి, తీరా నీళ్లు కాజ్‌వే మీదికి వచ్చాక పిల్లల్ని ఇళ్లకు వదిలేస్తే అంతకంటే పెద్ద తప్పు మరొకటి లేదు. వేగంగా పారే నీళ్లు అర అడుగు లోతున్నా పెద్దమనిషి కాళ్లు తడబడతాయి. ఆరో తరగతి పిల్లను అవే నీళ్లు ఇంకా తేలిగ్గా పడదోస్తాయి. బురదనీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైకి కనబడదు. అందుకే వరద డ్రిల్లులో మొదట సాధన చేయాల్సింది పరుగు కాదు, నిర్ణయం.

ఒక బడిని ఊహించుకుందాం. లంకను ఆనుకుని ఉన్న ఉన్నత పాఠశాల. 180 మంది పిల్లలు, 9 మంది ఉపాధ్యాయులు, ఒక అంతస్తు మేడ. అరవై మంది పిల్లలు కాజ్‌వే దాటి లంకలోంచి వస్తారు. బడి తెరిచేది జూన్ రెండో వారంలో, గోదావరి పొంగేది జూలై నుంచి. అంటే మొదటి డ్రిల్లు జూన్ ఆఖరికి అయిపోవాలి. దానికి ముందు ఒక సాయంత్రం ప్రధానోపాధ్యాయుడు, యాజమాన్య కమిటీ సభ్యులు, వీఆర్వో, పడవ నడిపే ఒక పెద్దాయన కూర్చుని మూడు గీతలు గీసుకోవాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రానికి వదిలారు. ఆ రోజు మీ బడి గోడ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఊళ్లో ఎవరినడిగినా చూపిస్తారు. అక్కడ రంగుతో గుర్తు పెట్టండి. నీళ్లు పై అంతస్తును కూడా వదలవని ఆ గుర్తు చెప్పినా, అసలు మేడే లేకపోయినా మీ డ్రిల్లు మెట్ల మీద కాదు, తుఫాను షెల్టరు దారిలో జరగాలి. అదీ రోడ్డు పొడిగా ఉన్నప్పుడే బయలుదేరేలా.

మన బడికి ఈ నిర్ణయాలు సరిపోతాయి. మొదటి హెచ్చరిక వస్తే పచ్చగీత: లంక పిల్లల్ని పగటిపూటే, రోడ్డు పొడిగా ఉండగానే పెద్దవాళ్ల చేతికి అప్పగించి పంపాలి, మిగిలిన వాళ్లు రిజిస్టర్లు, పుస్తకాలు, మధ్యాహ్న భోజనం బియ్యం పై అరల్లోకి ఎక్కించాలి. కాజ్‌వే అంచును నీరు తాకితే పసుపుగీత: ఇక ఏ పిల్లా ఒంటరిగా గేటు దాటకూడదు. నీరు బడి ఆవరణలోకి వస్తే ఎర్రగీత: అందరూ పైకి, సంచులు కిందే. కలెక్టరు సెలవు ప్రకటిస్తే ఆ మాటే చెల్లుతుంది. కానీ కబురు వచ్చేలోపు నీరు వస్తే ఎవరు నిర్ణయిస్తారు? ప్రధానోపాధ్యాయుడు సెలవులో ఉంటే? ఆ పేరు, దాని కింద ఇంకో పేరు కాగితం మీద ఉండాలి.

పిల్లలకు పని ఇవ్వకుండా డ్రిల్లు చేస్తే అది గొర్రెల మంద కదలికే అవుతుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని జట్లుగా చేయాలి. కబురు జట్టు ప్రతి గదికీ వెళ్లి నోటితో చెబుతుంది. కరెంటు పోతే ఎలక్ట్రిక్ గంట మోగదు కాబట్టి చేతిగంట, ఈల వీళ్ల దగ్గరే ఉంటాయి. మూడు పొట్టి దెబ్బలు, ఒక విరామం, మళ్లీ మూడు: ఇది రోజూ మోగే గంటలా ఉండకూడదు. తోడు జట్టులో ఒక్కొక్క పెద్దపిల్లకు ఇద్దరు చిన్నపిల్లలు, నడవలేని పిల్లకు మాత్రం ఇద్దరు తోడు. మెట్ల జట్టు మలుపుల దగ్గర నిలబడి వరుస తెగకుండా చూస్తుంది. లెక్క జట్టు తరగతుల వారీగా తలలు లెక్కపెడుతుంది. ప్రథమ చికిత్స జట్టు పెట్టె మోస్తుంది. దానిలో గాజుగుడ్డ, ఓఆర్‌ఎస్‌తో పాటు ఒక కాగితం కూడా ఉండాలి: పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, కాలు కదలనివ్వొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వరదలో పాములు కూడా మనలాగే ఎత్తైన చోటు వెతుక్కుంటాయి.

పిల్లలు చేయకూడని పనులు కూడా అంతే గట్టిగా చెప్పాలి. మెయిన్ స్విచ్ తీసేది ఉపాధ్యాయుడే, అదీ కాళ్ల కింద నీరు లేనప్పుడే. లోతు చూడటానికి గాని, కొట్టుకుపోతున్న వస్తువును పట్టుకోవడానికి గాని ఏ పిల్లా నీళ్లలో దిగకూడదు. ఈత వచ్చిన పిల్లలకు ఈ మాట మరీ మరీ చెప్పాలి. ధైర్యం చేసి మొదట దిగేది వాళ్లే.

ఇక డ్రిల్లు రోజు. మన ఊహాబడిలో ఉదయం 11 గంటలకు గంట మోగింది. హాజరు పట్టీ ప్రకారం ఆ రోజు వచ్చినవాళ్లు 174. ముందురోజే పిల్లలకు, తల్లిదండ్రులకు ‘ఇది రిహార్సల్’ అని చెప్పి ఉంచారు. 2022లో ఇల్లు మునిగిన పిల్లలు ఆ తరగతుల్లోనే ఉంటారు. వాళ్లను బెదరగొట్టి నేర్పగలిగేది ఏమీ లేదు. తొమ్మిది నిమిషాలకు అందరూ పైకి చేరారు. అందులో నాలుగు నిమిషాలు మెట్ల మలుపు దగ్గరే పోయాయి, ఎందుకంటే సగం మంది సంచులతో వచ్చారు. పైన లెక్క 173 దగ్గర ఆగింది. అంతా ఊపిరి బిగబట్టారు. మరుగుదొడ్ల వైపు చూసి వచ్చారు, భోజనశాల చూశారు. చివరికి తేలిందేమిటంటే, పదిన్నరకు ఒక పిల్లవాడికి జ్వరమొస్తే అమ్మ వచ్చి తీసుకెళ్లింది, ఎక్కడా రాయలేదు. నిజమైన వరదలో ఆ ఒక్క అంకె కోసం ఒక మనిషి నీళ్లలోకి దిగేవాడు. రెండో డ్రిల్లు ఆగస్టులో చేసినప్పుడు ఉపాధ్యాయుడే ఒక పిల్లను ప్రయోగశాలలో కూర్చోబెట్టి లెక్క జట్టు పట్టుకుంటుందో లేదో చూడాలి. పట్టుకోలేకపోతే ఎంత తొందరగా పైకెక్కినా ఆ డ్రిల్లు తప్పినట్టే.

మెట్ల పక్కన గోడకు అతికించే కాగితం ఇంతకంటే పొడవుగా ఉండక్కర్లేదు:

– హాజరు పట్టీ, బయటికి వెళ్లినవారి పుస్తకం పైకి చేరాయా?
– మరుగుదొడ్లు, భోజనశాల, ప్రయోగశాల చూశారా? వంటమ్మ, ఆయా లెక్కలో ఉన్నారా?
– మెయిన్ స్విచ్, గ్యాస్ సిలిండరు కట్టేశారా?
– తాగునీరు, టార్చి, ఈల, మందుల పెట్టె పైన ఉన్నాయా?
– తల్లిదండ్రుల నంబర్లు కాగితం మీద ఉన్నాయా? 112, జిల్లా కంట్రోల్ రూమ్ 1077 రాసి ఉన్నాయా?
– పిల్లను ఎవరికి అప్పగించారో సంతకం తీసుకున్నారా?

తాగునీటి సంగతి కొంచెం లెక్కవేసి చూడాలి. 180 మంది ఒక రాత్రి మేడ మీద ఉండాల్సి వస్తే, మనిషికి రెండు లీటర్ల చొప్పున 360 లీటర్లు. అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పద్దెనిమిది. పసుపుగీత దగ్గర పది మంది పెద్దపిల్లలు వాటిని పావుగంటలో పైకి చేరవేయగలరు. ఎర్రగీత దాటాక ఎవరివల్లా కాదు. పై అంతస్తులో మరుగుదొడ్డి లేని బడులే ఎక్కువగా కనిపిస్తాయి. ఒక మూల గదికి పరదా, మూతున్న బకెట్లు, సున్నం, ఆడపిల్లలకు ప్యాడ్లు ముందే పెట్టి ఉంచాలి. ప్రణాళికలు రాసే పెద్దమనుషులు ఈ మాట రాయడానికి మొహమాటపడతారు. రాత్రంతా అక్కడ గడపాల్సిన పదో తరగతి ఆడపిల్లకు మిగతా అన్నిటికంటే ముందు కావలసింది ఇదే.

డ్రిల్లు అయిన రోజే, భోజనానికి ముందే, ఒక పీరియడు చర్చకు కేటాయించాలి. మర్నాటికి వదిలేస్తే సగం మరిచిపోతారు. ముందు మాట్లాడాల్సింది చిన్న తరగతుల పిల్లలు, ఆ తర్వాత జట్ల నాయకులు, ఆఖర్న ఉపాధ్యాయులు. క్రమం తిరగబడిందా, ప్రధానోపాధ్యాయుడు ‘బాగా జరిగింది’ అనేస్తారు, ఇక ఎవరూ నోరు తెరవరు. ‘ఏం నేర్చుకున్నారు?’ అని అడిగితే పుస్తకంలో జవాబులు వస్తాయి. ‘నీకు గంట ఎక్కడుండగా వినబడింది? ఎక్కడ ఆగిపోయావు? ఎప్పుడు భయమేసింది?’ అని అడగాలి. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, “మేస్టారండీ, మా గదిలోకి గంట వినబళ్లేదండి, పక్కగది వాళ్లు పరిగెడుతుంటే మేమూ వచ్చామండి” అంటుంది. ఆ ఒక్క మాట కోసమే ఆ పీరియడు. చెప్పినందుకు ఆ పిల్లను గాని, కబురు జట్టును గాని ఎవరూ మందలించకూడదు. ఒక్కసారి మందలిస్తే వచ్చే డ్రిల్లుకు అందరికీ గంట వినబడుతుంది.

చర్చలో పాతిక లోపాలు బయటపడొచ్చు. మూడే ఎంచుకుని, ఒక్కొక్కదాని ఎదుట ఒక పేరు, ఒక తేదీ రాయాలి. మన బడి రాసుకున్నవి ఇవి: సంచులు కిందే వదలాలి, కబురు జట్టు ఆఖరి గదికి మొదట వెళ్లాలి, బయటికి వెళ్లినవారి పుస్తకం గేటు దగ్గర ఉండాలి. ఆగస్టు డ్రిల్లు ఈ మూడింటికీ పరీక్ష. ఆ రోజు కూడా మెట్ల మలుపు దగ్గర నాలుగు నిమిషాలు పోతే తప్పు పిల్లలది కాదు, మెట్లది. అప్పుడు ఎర్రగీతను వెనక్కి జరిపి, చిన్నపిల్లల్ని పసుపుగీతకే పైకి ఎక్కించాలి.

లంక దాటి పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రులు ఈసారి కమిటీ సమావేశానికి వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: “నీళ్లు కాజ్‌వే ఎక్కాయనుకోండి, మా పిల్లను ఎక్కడ ఉంచుతారండి, ఎవరి చేతికి ఇస్తారండి?” జవాబు నోటితో చెబితే ఒప్పుకోకండి. కాగితం చూపించమనండి, దాని మీద మీ పేరు, మీ ఫోను నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి.