చీకటి వీడియోలో పురుగులు కనిపించేలా చేసుకోవడం

పోయిన పంటలో హోసూరు పక్కనుంచి మన గ్రూపు రైతు ఒకాయన రాత్రి పూట ఒక వీడియో పంపినాడు. నాలుగో జ్వరం లేచి ఐదు దినాలైన పురుగులు. "అన్నా, కొన్ని మేత వదిలి అంచులకి పాకుతున్నాయి, పండుతున్నాయా, రోగమా?" అని అడిగినాడు. షెడ్డులో ఒకే చిన్న బల్బు. మాకు కనిపించింది నల్లటి తెర మాత్రమే.

ఫోన్లో పని కాలేదని కంప్యూటరులో VLC తో తెరిచినాము. Ctrl+E నొక్కితే ఒక కిటికీ వస్తుంది. అందులో Video Effects, దాని కింద Essential, అక్కడ Image adjust పక్కన టిక్కు పెట్టాల. టిక్కు లేకుంటే ఎంత జరిపినా ఏమీ మారదు, చాలామంది ఇక్కడే విసిగిపోతారు.

ముందు Brightness కొంచెం కుడికి జరిపినాము. పురుగులు తేలినాయి గానీ అంతా పొగ పట్టినట్టు బూడిద రంగైంది. ఎందుకంటే Brightness నలుపును, తెలుపును కలిపి ఒకే లెక్కన పైకి లేపుతుంది. అందుకని దాన్ని సగం వెనక్కి తెచ్చి, Gamma ని రవ్వంత పెంచినాము. Gamma పూర్తి నలుపును, పూర్తి తెలుపును ఉన్నచోటే ఉంచి నడిమి నీడల్ని లేపుతుంది. దాని గుండీ మొదటే ఎడమ అంచు దగ్గర ఉంటుంది, వెంట్రుక వాసి జరిపితే చాలు. ఆ తర్వాత Contrast కొద్దిగా పెంచితే ఆకుకూ పురుగుకూ తేడా తెలిసింది. కణుపులు ఉబ్బిన పురుగులు నాలుగైదు స్పష్టంగా కనిపించినాయి.

Saturation దగ్గర మాత్రం మేము మోసపోబోయినాము. పెంచగానే పురుగులు పచ్చపచ్చగా అయినాయి, "పండుతున్నాయిలే" అనుకున్నాము. పక్కనున్న గోడ కూడా పచ్చగానే ఉందే! అది పురుగు రంగు కాదు, బల్బు రంగు. పైగా చీకట్లో తీసిన వీడియోలో ఎర్ర, ఆకుపచ్చ చుక్కలు దాగి ఉంటాయి, అవీ లేస్తాయి. కాబట్టి పురుగు ఆకారం, నడక వీడియోలో చూడండి, రంగును బట్టి రోగం తేల్చొద్దు. ఆయనకు ఫోను చేసి, ఉబ్బిన పురుగు కాలు సూదితో గుచ్చి చూడమన్నాము. పాలలాంటి రసం వచ్చింది. గ్రాసరీయే. అప్పుడే ఏరివేత మొదలుపెట్టినాడు.

ఒకటి గుర్తుంచుకోండి, ఇదంతా చూసేటప్పటి మార్పే, ఫైలు మారదు. ఇంకొకరికి పంపితే వాళ్ళకు మళ్ళీ చీకటే. చూడటం అయ్యాక టిక్కు తీసేయండి, లేకుంటే తర్వాతి వీడియో వెలిసిపోయి కనిపిస్తుంది.

వాట్సాప్ వీడియోను పిండి పంపుతుంది, చీకటి భాగాల్లో వివరం మొదట పోయేది అక్కడే. వెలుగు పెంచితే గళ్ళు గళ్ళుగా వస్తే అక్కడ లేపేందుకు ఏమీ మిగల్లేదని అర్థం. అలాంటప్పుడు అదే వీడియోను డాక్యుమెంటుగా మళ్ళీ పంపమని అడగండి.