మెట్లబావి పూడికతీతలో సమోత్పత్తి రేఖ: కూలీలు ఎందరు, యంత్రం ఎన్ని గంటలు?

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్‌లో 17వ శతాబ్దం నాటిదిగా చెప్పే మెట్లబావి ఉంది. దశాబ్దాల పాటు చెత్తతో, శిథిలాలతో పూడిపోయిన ఈ బావిని గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ, ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ కలిసి పునరుద్ధరించాయి. 2022 డిసెంబరు 5న అది తిరిగి ప్రారంభమైంది. ఇటువంటి బావిని చూసిన అర్థశాస్త్ర విద్యార్థికి తోచవలసిన ప్రశ్న ఒకటుంది. పూడికను యంత్రంతో తీయవచ్చు, పలుగు, పార, తట్టలతో మనుషులూ తీయవచ్చు. అదే పనిని అతి తక్కువ ఖర్చుతో ముగించాలంటే ఈ రెండింటినీ ఏ పాళ్లలో కలపాలి? సమోత్పత్తి రేఖ, సమవ్యయ రేఖ సమాధానం చెప్పేది ఈ ప్రశ్నకే.

విషయ వివరణ కోసం ఒక మెట్లబావిని ఊహించుకుందాం. ఇక్కడి అంకెలు బోధన నిమిత్తం తీసుకున్నవే గాని బన్సీలాల్‌పేట్ పనుల లెక్కలు కావు. తీయవలసిన పూడిక 600 ఘనపు మీటర్లు. ఒక కూలీ రోజుకు ఒక ఘనపు మీటరు తవ్వి పైకి చేర్చగలడు. వాడుకలో ప్రొక్లెయిన్ అనే తవ్వకపు యంత్రం మొదటి 20 గంటల్లో బావి నడుమనున్న మెత్తటి పూడికను 300 ఘనపు మీటర్ల వరకు తీస్తుంది. తరువాతి 20 గంటల్లో అది మెట్ల సమీపానికి వస్తుంది గనుక 120 మాత్రమే తీయగలుగుతుంది. ఆపై ప్రతి 20 గంటలకు వరుసగా 70, 35, 10 ఘనపు మీటర్లకు పడిపోతుంది. బొక్కెన తిరగడానికి చోటు తగ్గే కొద్దీ గంట గంటకూ ఫలితం క్షీణిస్తుంది. మిగిలినది మనుషులు తీయవలసిందే.

| యంత్రం (గంటలు) | శ్రమ (పని దినాలు) | ఖర్చు (రూ.) |
|---|---|---|
| 20 | 300 | 2,38,000 |
| 40 | 180 | 1,82,000 |
| 60 | 110 | 1,61,000 |
| 80 | 75 | 1,64,500 |
| 100 | 65 | 1,85,500 |

ఈ అయిదు జతలలో ఏది ఎంచుకున్నా తీసిన పూడిక 600 ఘనపు మీటర్లే. అడ్డగీతపై యంత్ర గంటలను, నిలువుగీతపై పని దినాలను గుర్తించి ఈ బిందువులను కలిపితే సమోత్పత్తి రేఖ వస్తుంది. అది మొదట నిటారుగా దిగి, కుడివైపుకు పోయే కొద్దీ చదునవుతుంది. 20 నుండి 40 గంటలకు పోయినప్పుడు ఒక్కొక్క యంత్ర గంట ఆరు పని దినాలను తప్పిస్తుంది. తరువాత అది 3.5, 1.75, చివరకు 0.5 పని దినాలకు తగ్గుతుంది. దీనినే ఉపాంత సాంకేతిక ప్రతిస్థాపన రేటు అంటాము. రేఖ మూలబిందువు వైపు కుంభాకారంగా ఉండడానికి కారణం ఏ సూత్రమో కాదు, బావి అడుగున ఇరుకైన ఆ మూలలే.

ఇక ఖర్చు. యంత్రానికి డీజిలు, డ్రైవరుతో సహా గంటకు రూ.1,400, కూలి రోజుకు రూ.700 అనుకుందాం. ఒక యంత్ర గంట డబ్బుతో రెండు పని దినాలు వస్తాయి. రూ.1,61,000 ఉంటే పూర్తిగా కూలీలనే పెట్టి 230 పని దినాలు, లేదా పూర్తిగా యంత్రాన్నే పెట్టి 115 గంటలు కొనవచ్చు. ఈ రెండు బిందువులను కలిపే సరళరేఖ సమవ్యయ రేఖ. దాని వాలు రెండు. ఖర్చు పెరిగితే రేఖ సమాంతరంగా పైకి, తగ్గితే కిందికి జరుగుతుంది. సమోత్పత్తి రేఖను తాకే అన్నిటికంటే కిందనున్న సమవ్యయ రేఖే మనకు కావలసినది. ఇక్కడ అది 60 గంటల వద్ద తాకుతుంది. ఆ బిందువుకు ముందు యంత్ర గంట 3.5 పని దినాలను తప్పిస్తోంది, దాని ధర రెండే. కాబట్టి యంత్రం లాభం. ఆ తరువాత 1.75 దినాలనే తప్పిస్తోంది, ధర మాత్రం రెండు. కాబట్టి అక్కడే ఆగాలి.

క్షేత్రంలో తరచు జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. 100 గంటలు నడిపిన యంత్రం 535 ఘనపు మీటర్లు తీస్తుంది, సగటున ఘనపు మీటరుకు సుమారు రూ.262 పడుతుంది. కూలీకి రూ.700 పడుతుంది. ఈ సగటును చూసిన పర్యవేక్షకుడు యంత్రాన్ని చివరి వరకు నడపడమే చౌక అనుకుంటాడు. కాని చివరి 20 గంటల్లో తీసినది 10 ఘనపు మీటర్లు, అయిన ఖర్చు రూ.28,000, అంటే ఒక్కొక్కటికి రూ.2,800. మొదటి గంటల సమృద్ధి చివరి గంటల నష్టాన్ని కప్పివేసింది. ఫలితంగా అతడు రూ.24,500 అదనంగా చెల్లిస్తాడు. నిర్ణయం సగటుపై గాక చివరి అంచె ఖర్చుపై ఆధారపడాలి.

ఇదే పట్టిక మరొక విషయమూ చెబుతుంది. యంత్రం అద్దె మారకుండా కూలి రూ.400 నుండి రూ.800 మధ్య ఎంత కదిలినా 60 గంటల మిశ్రమమే చౌక. కూలి రూ.800 దాటగానే అది ఒక్కసారిగా 80 గంటలకు దూకుతుంది. కూలి రూ.900 అయినప్పుడు 60 గంటల మిశ్రమానికి రూ.1,83,000, 80 గంటల మిశ్రమానికి రూ.1,79,500 పడతాయి. పుస్తకాల్లోని నున్నని వక్రరేఖపై కూలి కొద్దిగా పెరిగినా మిశ్రమం కొద్దిగా మారుతుంది. యంత్రాన్ని అంచెలంచెలుగా మాత్రమే తీసుకోగల చోట మార్పు మెట్లుగా వస్తుంది. కూలి రేట్లు ఏళ్ల తరబడి పెరుగుతున్నా కదలని రైతులు ఒక సీజనులో మూకుమ్మడిగా యంత్రం వైపు మళ్లడాన్ని మొండితనంగానో, అనుకరణగానో భావించే ముందు విస్తరణ శాస్త్రవేత్త ఈ మెట్టును వెదకాలి.

ఒక హద్దును మరువరాదు. సమోత్పత్తి రేఖపైనున్న ప్రతి బిందువూ ఒకే ఫలితాన్ని ఇవ్వాలి. బావి నుండి తీసిన మట్టి పరిమాణం ఒకటే అయినా, యంత్రపు బొక్కెన తగిలి ప్రాచీనమైన రాతి మెట్టు పగిలితే అది అదే ఫలితం కాదు. అప్పుడు 80, 100 గంటల బిందువులు ఈ రేఖపై ఉండనే ఉండవు. అవి వేరొక, తక్కువ నాణ్యత గల ఉత్పత్తికి చెందినవి.

వరి కోతలోనూ ఇదే చిక్కు. కంబైన్ హార్వెస్టర్ కోతను, కూలీల కోతను ఎకరాకు అయ్యే ఖర్చుతో పోల్చడం పరిపాటి. కాని యంత్రం కోసిన పొలంలో గడ్డి చెల్లాచెదరుగా పడి ఉంటుంది. పశువులున్న రైతు దానిని మోపులు కట్టించుకోవడానికి మళ్లీ డబ్బు పెట్టాలి, లేదా గడ్డిని వదులుకోవాలి. పచ్చి మీద కోసిన ధాన్యాన్ని ఆరబెట్టడానికి చోటు, శ్రమ కావాలి. ఈ ఖర్చులను కలిపి ‘ఆరిన ధాన్యం, చేతికందిన గడ్డి’ అనే ఒకే ఫలితానికి లెక్క కట్టినప్పుడే రెండు పద్ధతులూ ఒకే రేఖపై నిలుస్తాయి. పశువులు లేని పొరుగు రైతుకు ఆ గడ్డి విలువ వేరు గనుక అతని రేఖ వేరు, అతనికి చౌకైన మిశ్రమమూ వేరు.

కాబట్టి రైతును అడగవలసిన మొదటి ప్రశ్న కూలి ఎంత, అద్దె ఎంత అన్నది కాదు. ఈ పని పూర్తయిందని మీరు దేనిని బట్టి అంటారు అన్నది. ఆ జవాబు రేఖను నిర్ణయిస్తుంది. ధరలు దానిపై బిందువును మాత్రమే నిర్ణయిస్తాయి.