వంకాయ కొనే ఎనిమిది సెకన్లు

అమెరికాలో పెరుగుతున్న మా అక్క కూతురి కోసం ఏఐతో ఒక వీడియో క్లిప్ చేశాను. ప్రాంప్ట్‌లో "రైతు బజార్లో వంకాయలు కొంటున్న ఆవిడ" అని రాశానంతే. జనం, పది రకాల కూరగాయలు, తిరిగే కెమెరా, అన్నీ వచ్చేశాయి. పాప చూసి, "ఇందులో వంకాయ ఏది మామయ్యా?" అంది.

అప్పుడు ఇలా మార్చాను: "బల్ల మీద రెండు బుట్టలు. ఒకదాంట్లో ఎర్ర టమాటాలు, ఇంకోదాంట్లో ఆకుపచ్చ తొడిమ ఉన్న చిన్న, గుండ్రటి ఊదారంగు వంకాయలు. ఒక చెయ్యి నెమ్మదిగా ఒక వంకాయ తీసి తక్కెడలో పెడుతుంది. వెనక ఖాళీ గోడ. కెమెరా కదలదు."

ఉత్తి వంకాయ అంటే విదేశీ పొడుగు వంకాయ రావచ్చు, అందుకే రూపం వర్ణించాలి. "జనం వద్దు" అంటే ఒక్కోసారి జనమే వస్తారు, అందుకే ఖాళీ గోడ అన్నాను. ఎనిమిది సెకన్లకి ఒక్క పనే చాలు, రెండు పెడితే కదలిక హడావిడి అవుతుంది. తెలుగు అక్షరాలు వంకరగా రావచ్చు కాబట్టి పేర్లు ఎడిటింగ్‌లో వేసుకోండి.

చివరగా సౌండ్ ఆపేసి చూపించండి. ఏం జరిగిందో పిల్లలు చెప్పగలిగితేనే క్లిప్ పనికొస్తుంది. మా పాప ఈసారి వేలు పెట్టి చూపించింది: "వంకాయ!"