నీళ్లు కలిపిన రోజు నుంచే లెక్క

పిల్లలకు ఇచ్చే యాంటీబయాటిక్ మందు చాలావరకు సీసాలో పొడి రూపంలోనే వస్తుంది. నీళ్లు మనమే కలుపుకోవాలి. మందుల షాపుల్లో దీన్ని డ్రై సిరప్ అంటారు. కంపెనీలు సిరప్‌లాగే తయారుచేసి ఎందుకు అమ్మవంటే, ఈ మందులకు నీళ్లు పడవు. పెన్సిలిన్ జాతి మందు అణువులో చిన్న వలయం ఒకటి ఉంటుంది. బాక్టీరియాను చంపే శక్తంతా ఆ వలయానిదే. నీళ్లు తగిలితే అది మెల్లగా తెగిపోతుంది, వేడి తోడైతే ఇంకా త్వరగా తెగుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఏడాదికి పైగా నిలిచే మందు, తడి తగిలాక రోజుల్లోకి దిగేది అందుకే.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిపిన మందునే తీసుకుందాం. చెవిలో చీముకూ సైనస్‌కూ డాక్టర్లు రాసేది తరచుగా ఇదే. ఇందులో అమాక్సిసిలిన్‌ది అసలు పని, క్లావులనేట్‌ది కాపలా పని. కొన్ని బాక్టీరియాలు అమాక్సిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును వదులుతాయి, క్లావులనేట్ ఆ ఎంజైమును పట్టి ఆపుతుంది. చిక్కేమిటంటే నీళ్లలో ముందు చెడేది ఈ క్లావులనేటే. సీసాను గదిలో, అందులోనూ మన ఎండల్లో, వదిలేస్తే కొద్ది రోజుల్లోనే దాని బలం తగ్గిపోతుంది. బిడ్డ మందు తాగుతూనే ఉంటుంది, చెవిపోటు మాత్రం తగ్గదు. మందు పనిచేయలేదని ఇంకా బలమైనది రాయించుకుంటాం. అసలు కారణం సీసా పెట్టిన చోటులో ఉండవచ్చని ఎవరికీ తట్టదు.

మన దగ్గర దొరికే ఈ మందు సీసాల మీద సాధారణంగా ఉండే సూచన ఇది: కలిపాక ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, 7 రోజుల్లో వాడాలి. అట్ట మీద అచ్చేసిన ఎక్స్‌పైరీ తేదీ పొడికి మాత్రమే వర్తిస్తుంది. నీళ్లు పోసిన క్షణం నుంచి దానికి అర్థం లేదు. అందుకే కలిపిన తేదీనీ, పారేయాల్సిన తేదీనీ సీసా మీద పెన్నుతో రాయాలి.

కలపడంలోనూ మెలకువ ఉంది. ముందు సీసాను అరచేతిలో తట్టి, గట్టిపడిన పొడిని వదులు చేయాలి. పెట్టెలో ఇచ్చిన నీళ్లు, అవి లేకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు, సగం పోసి బాగా కుదపాలి. తర్వాత సీసా మీద ఉన్న గీత దాకా పోసి మళ్లీ కుదపాలి. నురగ దిగాక మట్టం గీత కిందికి జారితే ఇంకొంచెం పోయాలి. గీత దాటితే ప్రతి మోతాదూ పలచనవుతుంది. వేడినీళ్లు పోస్తే మొదటి రోజే మందు దెబ్బతింటుంది. ఇది కరిగే మందు కాదు, నీళ్లలో తేలే మందు. నిలకడగా ఉంటే అడుక్కు చేరుతుంది కాబట్టి ప్రతిసారీ కుదిపి, ఇంటి స్పూనుతో కాక పెట్టెలో ఇచ్చిన కొలతతోనే పోయాలి.

లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. డాక్టరు ఒక పాపకు 5 మిల్లీలీటర్లు రోజుకు రెండుసార్లు, 5 రోజులు రాశారనుకోండి. మొత్తం 50 మిల్లీలీటర్లు కావాలి, సీసాలో ఉండేది 30. రెండు సీసాలు కొంటాం. చాలామంది రెండింటినీ ఒకేసారి కలిపేస్తారు. ఆ అవసరం లేదు. మొదటి సీసా మూడు రోజులు వస్తుంది. రెండోదాన్ని అప్పటిదాకా పొడిగానే ఉంచి, నాలుగో రోజు పొద్దున కలిపితే చాలు. మధ్యలో డాక్టరు మందు మార్చినా ఆ సీసా వృథా కాదు. కోర్సు పూర్తయ్యేసరికి రెండో సీసాలో 10 మిల్లీలీటర్లు మిగులుతాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయం కాదు. తలుపు అరలో పెడితే, తెరిచిన ప్రతిసారీ వేడిగాలి తగులుతుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో డీప్ ఫ్రీజర్ కింద, వెనక గోడకు ఆనించి పెడితే గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగాక ఉండలు కట్టి మోతాదు సమానంగా రాదు, దాన్ని వాడకూడదు. మధ్య అరలో ముందువైపు నిటారుగా నిలబెట్టడం మంచిది. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంటే దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది.

ఫ్రిజ్ లేని ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. కుండలో పెడితే గది కంటే చల్లగా ఉంటుంది కానీ 8 డిగ్రీలకు దిగదు. ఈ మాట మందు రాసేటప్పుడే డాక్టరుకు చెప్పాలి, ఇందులో నామోషీ ఏమీ లేదు. నీళ్లలో వేయగానే కరిగే బిళ్లలు ఉన్నాయి, అప్పటికప్పుడు ఒక మోతాదు కలిపి తాగించవచ్చు. అలాగే అన్ని యాంటీబయాటిక్ సిరప్‌లకూ ఫ్రిజ్ అక్కర్లేదు. అజిత్రోమైసిన్ బయటే ఉండవచ్చు. క్లారిత్రోమైసిన్‌నైతే ఫ్రిజ్‌లో పెట్టనే కూడదు, చిక్కబడిపోతుంది. ఒక మందు నియమం ఇంకోదానికి పనికిరాదు, ఆ సీసా మీద ఉన్నదే చదవాలి.

రంగు తెలుపు నుంచి ముదురు పసుపుకో గోధుమ రంగుకో మారినా, వాసన తేడాగా ఉన్నా పారేయాల్సిందే. అయితే రంగు మారలేదు కదా అని బాగుందనుకోకూడదు. బలం తగ్గిన మందు చాలాసార్లు కొత్తదానిలాగే కనిపిస్తుంది. కంటితో చూసి తేల్చుకోలేం, రాసుకున్న తేదీ ఒక్కటే ఆధారం.

ఇక మిగిలిన ఆ 10 మిల్లీలీటర్లు. వచ్చే నెల జ్వరానికి పనికొస్తాయని దాచేవాళ్లున్నారు. పిల్లల జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌వి, వాటికి ఈ మందు పనిచేయదు. నిజంగా బాక్టీరియాదే అయినా, బలం చచ్చిన మందు రెండు మోతాదులు దానికి చాలవు.

సింకులో పోయకండి. మురుగునీటిలో చేరిన యాంటీబయాటిక్ అక్కడి బాక్టీరియాలో మందుకు లొంగనివాటినే మిగులుస్తుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ చాలా ఎక్కువ మోతాదులో ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఫ్యాక్టరీతో పోలిస్తే మన సీసా చుక్కంతే, కానీ అలాంటి చుక్కలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

కేరళలో వాడని మందులను వెనక్కి తీసుకునే పథకం ఉంది. మీ ఊళ్లో ఆసుపత్రిగానీ మందుల షాపుగానీ అలా తీసుకుంటుందేమో ముందు అడగండి. లేకపోతే, ఒక పాత ప్లాస్టిక్ కవరులో వాడేసిన టీపొడిగానీ మట్టిగానీ వేసి, మందును అందులో ఒంపి ముద్దలా కలిపి, గట్టిగా మూతి కట్టండి. పిల్లలూ కుక్కలూ దాన్ని ముట్టుకోకుండా ఉంటాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో కాలం చెల్లిన మందులను ఇంటి ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చారు. అందువల్ల తడి చెత్తలో కలపకుండా, చెత్త బండి వాళ్లకు ఇది మందు అని చెప్పి విడిగా ఇవ్వాలి. ఖాళీ సీసాను కడగొద్దు, కడిగిన నీళ్లు మళ్లీ మురుగులోకే పోతాయి. మూత బిగించి, బిడ్డ పేరున్న చీటీ చింపి, అదే కవరుతో పాటు పంపితే సరిపోతుంది.