ఓటీపీ దగ్గర ఆగిన చెల్లింపు

రైలు టికెట్‌కు కార్డు నంబరు కొట్టగానే ఓటీపీ అడిగే పేజీ వస్తుంది. అది టికెట్ సైటుది కాదు, మీకు కార్డు ఇచ్చిన బ్యాంకు తరఫున నడిచే వేరే సర్వర్‌ది. అందుకే అక్కడ ఆగితే సైటును తిట్టుకుని లాభం లేదు.

రద్దీ వేళల్లో ఆ సర్వర్ నెమ్మదిస్తుంది, లేదా మెసేజ్ ఆలస్యమవుతుంది. మనం ఓపిక పట్టక ‘రీసెండ్’ నొక్కుతాం. చాలా బ్యాంకుల్లో ఆ క్షణమే మొదటి ఓటీపీ చెల్లకుండా పోతుంది. ఆలస్యంగా చేరిన ఆ పాత అంకెలే కొడితే ‘అథెంటికేషన్ ఫెయిల్డ్’ అంటుంది. అంకెలు సరైనవే, కాలం చెల్లినవి, అంతే! కొట్టేముందు మెసేజ్ వచ్చిన సమయం, అందులోని మొత్తం చూడండి. అసలు మెసేజే రాకపోతే బ్యాంకులో పాత ఫోన్ నంబరే ఉందేమో కనుక్కోండి.

ఓటీపీ సరిపోలాకే బ్యాంకు ఖాతాలో సొమ్ము చూస్తుంది. కాబట్టి ఈ మెట్టులో విఫలమైతే మామూలుగా డబ్బు కదలదు. కోత పడిందంటే లోపం ఆ తర్వాతి దశలో జరిగినట్టే. అప్పుడు రిజర్వు బ్యాంకు 2019 నిబంధన ప్రకారం లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా సొమ్ము తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి.